రెండు దశల డివిడెండ్ లెక్కలో అతుకు ఎక్కడ పడాలి?

ప్రశ్న: సార్, నేను శ్రీకాకుళంలో ఎం.కామ్ రెండో ఏడు చదువుతున్నాను. లెక్క ఇది. కంపెనీ ఇప్పుడే షేరుకు 5 రూపాయల డివిడెండ్ ఇచ్చింది. వచ్చే 3 ఏళ్లు డివిడెండ్ ఏటా 20% పెరుగుతుంది, ఆ తర్వాత ఎప్పటికీ 6%. మదుపరి కోరే రాబడి 13%. షేరు విలువ ఎంత? నాకు 97.18 వచ్చింది, నా ఫ్రెండ్‌కి 102.48 వచ్చింది, పుస్తకం వెనక 107.61 అని ఉంది. ఎక్కడ తప్పుతున్నాం? ఇంకో డౌటు: వృద్ధి రేటు g ఎప్పుడూ కోరే రాబడి k కన్నా తక్కువే ఉండాలన్నారు కదా, మరి ఇక్కడ 20% ఎలా ఒప్పుకున్నారు? రాజాంలో మా మావయ్య డివిడెండ్ల కోసమే కొన్ని ప్రభుత్వ కంపెనీల షేర్లు ఉంచుకున్నారు. వాటికి ఈ లెక్క వేసి చూడొచ్చా?

పుస్తకంలో ఉన్నదే సరైన జవాబు. మీరూ మీ ఫ్రెండూ వేర్వేరు తప్పులు చేశారు గానీ రెండూ ఒకే చోట జరిగాయి: 20% దశ ముగిసి 6% దశ మొదలయ్యే అతుకు దగ్గర. విజయనగరంలో నా దగ్గరికి సాయంత్రాలు లెక్కలు తెచ్చే సీఎంఏ, సీఏ పిల్లల్లో కూడా ఈ మోడల్‌లో మార్కులు పోగొట్టుకునేవాళ్లు చాలామటుకు ఇక్కడే పోగొట్టుకుంటారు. అందుకే అక్కడే కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

మొదటి మూడేళ్లలో మీ ఇద్దరికీ తేడా వచ్చి ఉండదు.

```
D1 = 5.00 × 1.20 = 6.00     6.00 / 1.13   = 5.31
D2 = 6.00 × 1.20 = 7.20     7.20 / 1.13^2 = 5.64
D3 = 7.20 × 1.20 = 8.64     8.64 / 1.13^3 = 5.99
```

ఈ మూడింటి ఇప్పటి విలువ 16.94. "ఇప్పుడే ఇచ్చింది" అన్న మాటను మీరు సరిగానే పట్టుకున్నారు. ఆ 5 రూపాయలు పాత షేర్‌హోల్డరు జేబులోకి వెళ్లిపోయాయి, ఇవాళ కొనేవాడికి రావు. కాబట్టి అది D0, దాన్ని విలువలో కలపం. అదే ప్రశ్నలో "వచ్చే ఏడు 5 రూపాయలు ఇవ్వబోతోంది" అని ఉంటే 5 రూపాయలే D1 అయ్యేది, మొత్తం లెక్క మారిపోయేది. ప్రశ్నపత్రం చదివేటప్పుడు ఆ క్రియాపదం కింద గీత పెట్టుకోండి.

ఇప్పుడు అతుకు. నాలుగో ఏడు నుంచి వృద్ధి స్థిరంగా 6% కాబట్టి అక్కడి నుంచి గోర్డన్ సూత్రం పనికొస్తుంది.

```
D4 = 8.64 × 1.06 = 9.1584
P3 = D4 / (k − g) = 9.1584 / (0.13 − 0.06) = 130.83
P3 / 1.13^3 = 90.67
P0 = 16.94 + 90.67 = 107.61
```

మీరు ఈ 130.83ని 1.13^3తో కాకుండా 1.13^4తో భాగించారు. అప్పుడు 80.24 వస్తుంది, దానికి 16.94 కలిపితే మీ 97.18. పైన ఉన్నది నాలుగో ఏటి డివిడెండ్ కదా, కాబట్టి నాలుగేళ్లు వెనక్కి తేవాలి అనుకున్నారు. మీ ఫ్రెండ్ మూడేళ్లే డిస్కౌంట్ చేశారు గానీ పైన D4 బదులు D3 పెట్టారు: 8.64 / 0.07 = 123.43, దాని ఇప్పటి విలువ 85.54, మొత్తం 102.48. డిస్కౌంట్ పట్టికలో మూడు దశాంశాల దాకానే ఉంటాయి కాబట్టి ఒకటీ రెండు పైసల తేడా వస్తే పట్టించుకోనక్కర్లేదు. అయిదు రూపాయలు, పది రూపాయల తేడా మాత్రం ఎప్పుడూ ఇలాంటి కారణంతోనే వస్తుంది.

D1/(k−g) అనే సూత్రం పైన ఏ ఏటి డివిడెండ్ పెడితే, దానికి సరిగ్గా ఒక ఏడాది ముందు నిలబడి ధర చెప్తుంది. పైన D1 ఉంటే ధర ఇవాళ్టిది. పైన D4 ఉంటే ధర మూడో ఏటి చివరిది. ఆ ఒక్క ఏడాది డిస్కౌంటింగ్ సూత్రం లోపలే జరిగిపోయింది, మనం మళ్లీ చేయకూడదు.

మీ జిల్లా సంగతే తీసుకోండి. ఉద్దానంలో ఒక జీడితోట కొని, మూడేళ్లు కాపు తీసుకుని, మూడో కాపు కోసిన మర్నాడు అమ్మేశారనుకుందాం. కొన్నవాడికి చేతికొచ్చే మొదటి కాపు నాలుగో ఏటిది. కానీ మీకు డబ్బు ఇచ్చేది మూడో ఏటి చివరే. కాబట్టి తోట ధర నాలుగో కాపును చూసి నిర్ణయమవుతుంది (D4), ఆ డబ్బు మాత్రం మూడేళ్ల దూరంలో ఉంటుంది (1.13^3). మీ ఫ్రెండ్ లెక్కలో కొనేవాడు మీరు కోసేసుకున్న కాపును చూసి ధర కట్టాడు. మీ లెక్కలో ధర సరిగ్గానే కట్టాడు గానీ డబ్బు ఏడాది ఆలస్యంగా ఇచ్చాడు.

తప్పు చేశామా లేదా అని పుస్తకం వెనక చూడకుండానే తెలుసుకునే దారి ఒకటుంది. అతుకును ఒక ఏడాది ముందుకు జరపండి. నాలుగో ఏటి డివిడెండ్‌ను విడిగా లెక్కలోకి తీసుకుని, టెర్మినల్ వాల్యూని, అంటే ఆ తర్వాతి డివిడెండ్లన్నిటికీ కలిపి కట్టే ధరని, నాలుగో ఏటి చివర కట్టండి.

```
D4 / 1.13^4 = 9.1584 / 1.6305 = 5.62
D5 = 9.1584 × 1.06 = 9.7079
P4 = 9.7079 / 0.07 = 138.68
P4 / 1.13^4 = 85.06
P0 = 16.94 + 5.62 + 85.06 = 107.62
```

పైసా తేడాతో అదే జవాబు, ఆ పైసా కూడా దశాంశాలు కుదించడం వల్ల వచ్చిందే. నాలుగో ఏడు నుంచి వృద్ధి 6% అన్నది మారలేదు కాబట్టి అతుకు ఎక్కడ వేసినా విలువ మారకూడదు. మారిందంటే డివిడెండ్‌కీ ఏడాదికీ పొంతన తప్పిందన్నమాట. ఇంకో రకం తప్పు కూడా దీంతో బయటపడుతుంది. కొందరు D4ను విడిగా డిస్కౌంట్ చేసి, మళ్లీ D4 మీదే కట్టిన 130.83ని కూడా కలిపేస్తారు. అప్పుడు 113.23 వస్తుంది, ఒక ఏటి డివిడెండ్ రెండుసార్లు లెక్కలోకి వచ్చేసింది.

కంప్యూటర్‌లో చూసుకోవాలంటే ఎక్సెల్‌లో ఇంతే:

```
=NPV(13%, 6, 7.2, 8.64+130.834)
```

మూడో ఏటి గడిలోనే డివిడెండూ అమ్మకం ధరా కలిసి కూర్చున్నాయి చూడండి. NPV మొదటి అంకెను ఒక ఏడాది డిస్కౌంట్ చేస్తుంది కాబట్టి D0ని అందులో పెట్టకూడదు.

ఇక 20% సంగతి. g అనేది k కన్నా తక్కువ ఉండాలన్న షరతు డివిడెండ్లకు పెట్టింది కాదు, D1/(k−g) అన్న పొట్టి సూత్రానికి పెట్టింది. షేరు విలువ అంటే రాబోయే డివిడెండ్లన్నిటి ఇప్పటి విలువల మొత్తం అని 1938లోనే జాన్ బర్ విలియమ్స్ చెప్పారు. ఆ మొత్తంలో ఎక్కడా షరతు లేదు. అంతులేని ఆ వరసను ఒక్క భాగహారంలోకి కుదించాలంటేనే షరతు వస్తుంది. 1956లో గోర్డన్, షపీరో ఇద్దరూ ప్రచారంలోకి తెచ్చిన స్థిర వృద్ధి రూపం అదే.

పైన మొదటి పట్టికలో కుడివైపు వరస మళ్లీ చూడండి: 5.31, 5.64, 5.99. డిస్కౌంట్ చేశాక కూడా పెరుగుతూనే ఉన్నాయి. ఎందుకంటే ఏటా 1.20తో హెచ్చి 1.13తో తగ్గుతున్నాయి, నికరంగా 1.062 రెట్లు. ఈ వరస ఎప్పటికీ సాగితే మొత్తానికి హద్దు ఉండదు. కానీ మూడు అంకెలే ఉన్నాయి, చేత్తో కూడేశాం, గొడవ లేదు. నాలుగో ఏడు నుంచి నిష్పత్తి 1.06/1.13, అంటే 0.938. అప్పుడు 5.62, 5.27, 4.94 అంటూ తగ్గిపోతాయి, అంతులేని వరస అయినా మొత్తం 90.67 దగ్గర ఆగుతుంది. పొట్టి సూత్రం ఇచ్చేది ఈ మొత్తాన్నే.

20%ని పొట్టి సూత్రంలో పెడితే 6/(0.13−0.20), అంటే మైనస్ 85.71 వస్తుంది. పరీక్షలో కొందరు దీన్ని చూసి "షేరుకు విలువ లేదు, కొనకూడదు" అని రాస్తారు. అది పూర్తిగా తప్పు. ఆ అంకెకు ఏ అర్థమూ లేదు. సూత్రం పనిచేయని చోట వాడామన్న సంగతి మాత్రమే అది చెప్తోంది. దానికన్నా ప్రమాదమైనది, షరతుకు లోబడి కూడా అర్థం లేని జవాబు రావడం. ఇదే షేరుకు వృద్ధి ఎప్పటికీ 12.9% అని పెట్టి చూడండి: 5.645/0.001, అంటే 5,645 రూపాయలు. షరతు తప్పలేదు, సూత్రం తప్పలేదు, జవాబు మాత్రం పిచ్చిది. k కన్నా తక్కువ ఉంటే చాలదు, "ఎప్పటికీ" అన్న మాటను మోయగలిగినంత తక్కువ ఉండాలి.

ఎంత తక్కువ? ఏ కంపెనీ అయినా దేశ ఆర్థిక వ్యవస్థ కన్నా వేగంగా ఎప్పటికీ పెరుగుతూ పోతే ఒకనాటికి దేశమంతా ఆ కంపెనీయే అయి కూర్చోవాలి. కాబట్టి ధరల పెరుగుదలతో కలిపి ఆర్థిక వ్యవస్థ పెరిగే రేటు పై హద్దు, మామూలు కంపెనీకి దానికన్నా బాగా దిగువనే పెట్టాలి. రిజర్వ్ బ్యాంక్ ద్రవ్యోల్బణ లక్ష్యం 4% కదా, మీ లెక్కలోని 6%లో నిజమైన వృద్ధి సుమారు 2% అన్నమాట. నాకు అది సబబుగానే తోస్తుంది.

ఈ చివరి g మీద ఎంత భారం ఉందో చూడండి. 107.61లో 90.67, అంటే నూటికి 84 పాళ్లు, టెర్మినల్ వాల్యూదే. మిగతావేవీ కదపకుండా 6%ని 5% చేస్తే విలువ 95.53కి దిగుతుంది, 7% చేస్తే 123.72కి ఎక్కుతుంది. దిగినప్పుడు 12 రూపాయలు దిగి, ఎక్కినప్పుడు 16 రూపాయలు ఎక్కింది, గమనించారా? k−g చిన్నదయ్యేకొద్దీ ఒక్కో శాతం దెబ్బ పెద్దదవుతుంది. మూడేళ్ల 20% వృద్ధి గురించి గంటలు వాదించుకుని, చివరి 6%ని ఆలోచించకుండా రాసేసే రిపోర్టులు నేను చాలా చూశాను. తలకిందుల పని అది.

మీరు అడగలేదు గానీ, ఈ అతుకులోనే పాఠ్యపుస్తకాలు చెప్పకుండా దాటేసే విషయం ఒకటుంది. నిజం షేర్లకు లెక్క వేసేటప్పుడు పైన చెప్పిన రెండు తప్పులకన్నా ఇది చాలా పెద్దది. డివిడెండ్ పెరగాలంటే లాభం పెరగాలి. లాభం పెరగాలంటే కొంత లాభాన్ని కంపెనీ తన దగ్గరే ఉంచుకుని మళ్లీ పెట్టుబడి పెట్టాలి. అందుకే g = b × ROE అంటాం. b అంటే లాభంలో అట్టిపెట్టుకున్న వంతు, ROE అంటే వాటాదారుల సొమ్ము మీద కంపెనీ తెచ్చే రాబడి.

మీ కంపెనీకి ఈ కళ్లద్దాలు పెట్టి చూద్దాం. 20% పెరుగుతోంది. రాబడి 25% అనుకుంటే లాభంలో 80% అట్టిపెట్టుకుంటోంది, 20% మాత్రమే పంచుతోంది. 5 రూపాయల డివిడెండ్ అంటే షేరుకు లాభం 25 రూపాయలు. మూడేళ్లకు ఆ లాభం 43.20 అవుతుంది, నాలుగో ఏడు 6% పెరిగితే 45.79. పుస్తకం లెక్కలో D4 ఎంత? 9.16. అంటే వృద్ధి 6%కి పడిపోయాక కూడా కంపెనీ లాభంలో 20% మాత్రమే పంచుతూ, 80% దాచుకుంటూనే ఉంది. 80% దాచుకుని 6% మాత్రమే పెరుగుతోందంటే కొత్త పెట్టుబడి మీద రాబడి 6/80, అంటే 7.5%. మదుపరి 13% కోరుతుంటే, అతని సొమ్మును 7.5% తెచ్చే పనుల్లో ఎప్పటికీ పోస్తూ పోయే యాజమాన్యం అన్నమాట! ప్రశ్న రాసినవారి ఉద్దేశం అది కాదు. డివిడెండ్ వృద్ధిని 20 నుంచి 6కి మార్చి, పంచే వంతును మార్చడం మరిచారు, అంతే.

పెరుగుదల నెమ్మదిస్తే అట్టిపెట్టుకోవాల్సిన అవసరం తగ్గుతుంది, పంచేది పెరుగుతుంది. కాస్త పిసినారిగానే లెక్క వేద్దాం. రెండో దశలో కొత్త పెట్టుబడి మీద 12% మాత్రమే వస్తుందనుకుందాం, అంటే మదుపరి కోరే 13% కూడా కాదు. 6% పెరగాలంటే సగం లాభం ఉంచుకుంటే చాలు, మిగతా సగం పంచొచ్చు.

```
D4 = 45.79 × 0.50 = 22.90
P3 = 22.90 / 0.07 = 327.1
P3 / 1.13^3 = 226.7
P0 = 16.94 + 226.7 = 243.6
```

107 ఎక్కడ, 243 ఎక్కడ! g మారలేదు, k మారలేదు, మూడేళ్ల డివిడెండ్లు మారలేదు. మారింది ఒక్కటే, అతుకు దగ్గర పంచే వంతు 20% నుంచి 50% అయింది. 25 రూపాయల లాభం, 25% రాబడి నేను ఊహించి పెట్టినవే కాబట్టి ఈ 243ని అక్షరాలా నమ్మమనను. కానీ వేగంగా పెరుగుతూ తక్కువ పంచే కంపెనీకి రెండు దశల మోడల్ వేస్తే ఎప్పుడూ మరీ తక్కువ విలువ వస్తోందని విసుక్కునేవాళ్లకు కారణం ఇక్కడే దొరుకుతుంది. పరీక్షలో మాత్రం ఈ తెలివి చూపించకండి. ప్రశ్నలో డివిడెండ్ వృద్ధి ఇచ్చి, లాభం, పంచే వంతు ఇవ్వకపోతే 107.61 రాసి బయటికి రండి.

మరి 20% నుంచి 6%కి ఒక్క రాత్రిలో పడిపోవడం సహజమేనా అని మీకు తోచే ఉంటుంది. కాదు. నిజంలో వృద్ధి మెల్లగా దిగుతుంది. దానికి 1984లో ఫుల్లర్, షియా ఇద్దరూ ఒక సులువు సూత్రం ఇచ్చారు, హెచ్-మోడల్ అంటారు. వృద్ధి ఆరేళ్లలో సమానంగా దిగితే H అందులో సగం, అంటే 3. gS అంటే మొదటి వృద్ధి 20%, gL అంటే చివరికి నిలిచే 6%.

```
P0 = D0 × [(1 + gL) + H × (gS − gL)] / (k − gL)
   = 5 × [1.06 + 3 × 0.14] / 0.07 = 105.71
```

మన 107.61కి దగ్గరే. మూడేళ్లు పూర్తి వేగం అన్నా, ఆరేళ్లు మెల్లగా దిగడం అన్నా దాదాపు ఒకటేనని దీన్నిబట్టి తెలుస్తుంది. కాబట్టి దిగే తీరు గురించి మరీ కంగారు పడనక్కర్లేదు.

ఇప్పుడు మావయ్య గారి షేర్లు. వేసి చూడొచ్చు. నిలకడగా డివిడెండ్ ఇచ్చే కంపెనీలకే ఈ మోడల్ నప్పుతుంది, ప్రభుత్వ రంగ సంస్థలు చాలావరకు ఆ కోవలోవే. కేంద్రం మార్గదర్శకాల ప్రకారం అవి నికర లాభంలో 30% గానీ నికర విలువలో 4% గానీ, ఏది ఎక్కువైతే అంత, కనీస డివిడెండ్‌గా ఇవ్వాలి. 2024 నవంబరులో సవరించాక ఉన్న లెక్క ఇది, అంతకుముందు 2016 నాటి నియమంలో నికర విలువలో 5% అని ఉండేది. అయితే అంకెలు సూత్రంలో పెట్టేముందు వాటిని కడగాలి.

డివిడెండ్‌ను మనవాళ్లు ముఖ విలువ మీద శాతంగా ప్రకటిస్తారు. "650 శాతం డివిడెండ్" అని పేపర్లో చూసి మావయ్య గారు మురిసిపోవచ్చు గానీ ముఖ విలువ 1 రూపాయి అయితే అది షేరుకు ఆరున్నర రూపాయలు. మధ్యంతర డివిడెండ్లు, చివరి డివిడెండ్ కలిపి ఆర్థిక సంవత్సరం వారీగా షేరుకు రూపాయల్లో రాసుకోండి. ఆస్తి ఏదో అమ్మి ఒకేసారి ఇచ్చిన ప్రత్యేక డివిడెండ్ ఉంటే తీసేయండి, అది మళ్లీ రాదు. బోనస్ ఇచ్చి ఉంటే పాత ఏళ్ల అంకెలు సవరించాలి. నిరుడు 10 రూపాయలు ఇచ్చి, ఒకటికొకటి బోనస్ తర్వాత ఈ ఏడు 6 ఇచ్చిందంటే అది 40% తగ్గుదల కాదు, 5 నుంచి 6కి 20% పెరుగుదల.

అన్నిటికన్నా మోసం చేసేది పాత డివిడెండ్ వృద్ధి. షేరుకు లాభం అయిదేళ్లుగా 10 రూపాయల దగ్గరే కదలకుండా ఉందనుకోండి. పంచే వంతు మాత్రం 30% నుంచి 60%కి పెంచారు. డివిడెండ్ 3 నుంచి 6 అయింది. సగటు వృద్ధి ఏటా దాదాపు 15%! దాన్ని g అని సూత్రంలో పెడితే కొంప మునిగినట్టే. లాభం పెరగకుండా పంచే వంతు ఒక్కటే ఎంతవరకు పెరుగుతుంది? నూటికి నూరు దాటలేదు. ప్రభుత్వ కంపెనీల్లో ఈ ప్రమాదం ఇంకాస్త ఎక్కువ, ఎందుకంటే పెద్ద వాటాదారు ప్రభుత్వమే, డివిడెండ్ ఎంతన్నది కంపెనీ అవసరాలతోపాటు బడ్జెట్ అవసరాలను బట్టి కూడా మారుతుంది. కాబట్టి డివిడెండ్ వరస పక్కనే ఈపీఎస్ వరస కూడా రాయండి. రెండూ కలిసి నడుస్తుంటేనే ఆ వృద్ధిని నమ్మండి. బొగ్గు, చమురు, ఖనిజాల కంపెనీల్లో లాభం ధరలతో ఎక్కి దిగుతుంది కాబట్టి మంచి ఏడు డివిడెండ్‌ను D0గా తీసుకోకూడదు, ఎత్తుపల్లాలు రెండూ కలిసే ఏళ్ల సగటు తీసుకోవాలి.

k దగ్గర ఒక వలయం ఉంది, అందులో పడకండి. అదే సూత్రాన్ని తిప్పి k = D1/P0 + g అని పుస్తకంలో ఉంటుంది. మార్కెట్ ధర పెట్టి దాంతో k కట్టి, ఆ k తోనే మళ్లీ విలువ కడితే మీరు పెట్టిన మార్కెట్ ధరే తిరిగి వస్తుంది. "సరిగ్గా కుదిరింది, షేరు సరైన ధరలో ఉంది" అని సంబరపడే ప్రాజెక్ట్ రిపోర్టులు ఏటా కనిపిస్తాయి. k బయటినుంచి రావాలి: 10 ఏళ్ల ప్రభుత్వ బాండు రాబడి, దాని మీద షేరు రిస్కుకు తగిన అదనం. బాండు ఈ మధ్య ఏళ్లలో 6–7% దగ్గర తిరిగింది, దాని మీద అయిదారు శాతం కలిపితే మీ లెక్కలోని 13%కి దగ్గరగానే వస్తుంది.

నేనైతే నిజం షేర్లకు ఈ మోడల్‌ను వెనకనుంచి వాడతాను. విలువ ఎంత అని కాకుండా, ఇవాళ్టి ధర ఏ వృద్ధిని నమ్ముకుని నిలబడింది అని అడుగుతాను. మీ లెక్కలోని షేరే మార్కెట్లో 140 ఉందనుకోండి. మూడేళ్ల డివిడెండ్ల 16.94 తీసేస్తే 123.06 మిగిలింది. మూడేళ్లు ముందుకు జరిపితే P3 177.56 ఉండాలి.

```
177.56 = 8.64 × (1 + g) / (0.13 − g)
g = (177.56 × 0.13 − 8.64) / (177.56 + 8.64) = 0.0776
```

అంటే ఆ ధరకు కొనేవాడు, పంచే వంతు పెరగకపోతే, డివిడెండ్ ఎప్పటికీ ఏటా 7.76% పెరుగుతుందని ఒప్పుకుని కొంటున్నాడు. అది జరిగే పనేనా అన్నది ఆ వ్యాపారం తెలిసినవాళ్లు తేల్చగలరు. ఒక బొగ్గు కంపెనీకీ ఒక విద్యుత్ ప్రసార కంపెనీకీ ఆ ప్రశ్నకు ఒకే జవాబు ఉండదు.

ఇంకొక్క మాట. 2020 ఏప్రిల్ నుంచి డివిడెండ్ మీద పన్ను మావయ్య గారి చేతిలోనే, ఆయన శ్లాబు ప్రకారం పడుతుంది, అంతకుముందు కంపెనీయే కట్టేది. కాబట్టి 13% అన్నది పన్నుకు ముందో తర్వాతో ముందే అనుకుని, డివిడెండ్లను కూడా అదే తీరున తీసుకోవాలి. మావయ్య గారి కంపెనీల్లో ఒకదానికి పదేళ్ల డివిడెండ్, ఈపీఎస్, ముఖ విలువ, బోనస్ వివరాలు వరసగా రాసి ఇక్కడే పెట్టండి. g, b దగ్గర ఏం పెట్టారో చూసి చెప్తాను.